10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ మీద 12 వోల్టుల రౌటర్: పది గంటలు మూడెందుకయ్యాయి?

ప్రశ్న: మా రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. కరెంటు పోయినప్పుడు వాడదామని 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌కి, యూఎస్‌బీ నుంచి 12 వోల్టులు ఇచ్చే కేబుల్ కొని తగిలించాను. నా లెక్కన 10 గంటలు రావాలి, 3 గంటలకే ఆగిపోతోంది. మధ్యలో ఒక్కోసారి రౌటర్ దానంతట అదే రీస్టార్ట్ కూడా అవుతోంది. పవర్ బ్యాంక్ నకిలీదా, కేబుల్ తప్పా? ఇలా వాడితే రౌటర్ కాలిపోతుందా?

సమాధానం:

రెండిట్లో ఏదీ నకిలీ కాకపోవచ్చు. మీకు వస్తున్న 3 గంటలే సరైన లెక్క, పొరపాటు ఆ పది గంటల లెక్కలో ఉంది. రీస్టార్ట్ అవడం మాత్రం వేరే జబ్బు. రౌటర్ ఒక్కసారిగా ఎక్కువ లాగినప్పుడు పవర్ బ్యాంక్‌లోని 5 వోల్టుల పోర్టు, ఆ సన్నటి కేబుల్ కలిసి అంత ఇవ్వలేకపోతున్నాయి. కాలిపోతుందా అంటే, మీది 12 వోల్టుల రౌటర్, కేబుల్ ఇచ్చేదీ 12 వోల్టులే కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు. ఎప్పుడు కాలుతుందో కింద చెబుతాను, ఎందుకంటే నా చేతుల్లోనే ఒకటి కాలింది.

నేను ఇళ్లకు నెట్ కనెక్షన్లు పెట్టే పనిలో ఉన్నాను. కరెంటు పోయినా నెట్ ఉండాలని అడగనివాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. కాబట్టి ఇలాంటి కేబుళ్లు చాలానే చూశాను, విప్పాను కూడా.

ముందు గంటల సంగతి. 10000 ఎంఏహెచ్‌ని 1 ఆంపియర్‌తో భాగిస్తే 10 గంటలు వస్తుందని మీరు లెక్క వేశారు. అందరూ అలాగే వేస్తారు. కానీ ఆ 10000 అనేది లోపలి లిథియం సెల్ దగ్గరి అంకె, అంటే సుమారు 3.7 వోల్టుల దగ్గరిది. మీ రౌటర్‌కి కావలసింది 12 వోల్టుల దగ్గర. వోల్టేజీ చెప్పకుండా ఎంఏహెచ్ మాత్రమే చెప్పడం, మూటలు ఎన్నో చెప్పి ఒక్కో మూట బరువు చెప్పకపోవడం లాంటిది. పోల్చాలంటే రెండింటినీ వాట్ అవర్లలోకి మార్చాలి. 10000 ఎంఏహెచ్ అంటే 10 ఆంపియర్ అవర్లు, వాటిని 3.7తో గుణిస్తే 37 వాట్ అవర్లు. మీ దగ్గరున్న మొత్తం సరుకు ఇదే.

ఈ 37లో మీ రౌటర్‌కి చేరేది ఎంత? పవర్ బ్యాంక్ ముందు 3.7 వోల్టులను 5 వోల్టులకు పెంచుతుంది, అక్కడ కొంత వేడిగా పోతుంది. దాని వెనక చిన్న అక్షరాల్లో చూడండి, 'రేటెడ్ కెపాసిటీ' అని 5 వోల్టుల దగ్గర 6000 ఎంఏహెచ్ చుట్టుపక్కల ఒక అంకె ఉంటుంది. పెట్టె మీది పెద్ద అంకె కన్నా నమ్మదగింది ఇదే. అంటే 30 వాట్ అవర్లు. ఆ తర్వాత మీ కేబుల్ 5 వోల్టులను మళ్లీ 12కి పెంచుతుంది, అందుకే దీన్ని బూస్టర్ కేబుల్ అంటారు. పిన్ వైపు లావుగా ఉబ్బెత్తుగా ఉండే భాగం ఉంటుంది చూశారా, ఆ పని చేసే సర్క్యూట్ అందులోనే ఉంటుంది. అక్కడ ఇంకో 15 శాతం దాకా పోతుందనుకోండి. చివరికి రౌటర్ నోటికి అందేది 25 వాట్ అవర్లు, ఆ చుట్టుపక్కల.

రెండో వైపు రౌటర్ తినేది. అడాప్టర్ మీద 1 ఆంపియర్ అని ఉంటే రౌటర్ ఎప్పుడూ అంత లాగుతుందని కాదు, అడాప్టర్ అంతవరకు ఇవ్వగలదని అర్థం. రెండు బ్యాండ్ల వైఫై ఉన్న మామూలు ఇంటి రౌటర్లు నేను కొలిచినవి ఎక్కువగా 5 నుంచి 8 వాట్ల మధ్య ఉన్నాయి. మీది 7 వాట్లు అనుకుందాం. 25ని 7తో భాగిస్తే మూడున్నర గంటలు. పవర్ బ్యాంక్ రెండేళ్ల పాతదైతే సెల్ కొంత అరిగిపోయి ఉంటుంది, అప్పుడు 3 గంటలే. మీకు వస్తున్నదీ అదే కదా.

ఈ అంచనా కూడా అక్కర్లేకుండా నేరుగా తెలుసుకునే దారి ఉంది. యూఎస్‌బీ మీటర్ అని చిన్న డిస్‌ప్లేతో ఒక బుల్లి పరికరం దొరుకుతుంది. దాన్ని పవర్ బ్యాంక్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టండి. రౌటర్ పూర్తిగా ఆన్ అయ్యాక ఐదు నిమిషాలు ఆగి చూడండి. ఉదాహరణకు 5 వోల్టులు, 1.65 ఆంపియర్లు అని చూపిస్తే, గుణించగా 8.25 వాట్లు. ఇందులో కేబుల్ తినేదీ, రౌటర్ తినేదీ రెండూ ఉన్నాయి. ఇందాకటి 30 వాట్ అవర్లను దీనితో భాగిస్తే 3.6 గంటలు. వాడుకలో వచ్చే సమయం దీనికన్నా బాగా తక్కువగా ఉంటే అప్పుడు పవర్ బ్యాంక్‌ని అనుమానించవచ్చు.

ఇక రీస్టార్ట్ జబ్బు. నా దృష్టిలో మీ ప్రశ్నలో అసలు విషయం ఇదే.

రౌటర్ సగటున 7 వాట్లు తిన్నా, నిలకడగా 7 తినదు. ఆన్ అయ్యే మొదటి అర నిమిషంలో, వైఫై రేడియోలు రెండూ లేచేటప్పుడు, ఇంట్లో ఎవరో పెద్ద ఫైల్ దించుకుంటున్నప్పుడు కాసేపు 10, 11 వాట్లకు వెళ్లొచ్చు. 12 వోల్టుల వైపు 11 వాట్లు కావాలంటే, కేబుల్ తన వాటా కలుపుకుని 5 వోల్టుల వైపు నుంచి 13 వాట్లు లాగాలి. అంటే 2.6 ఆంపియర్లు. మీ పవర్ బ్యాంక్ పోర్టు మీద ఏముంది? చాలావాటి మీద 5 వోల్టులు, 2.1 లేదా 2.4 ఆంపియర్లు అని ఉంటుంది. గీత దాటేశాం.

కథ అక్కడితో ఆగదు. సన్నటి యూఎస్‌బీ తీగకు సొంత రెసిస్టెన్స్ ఉంటుంది. పోయే తీగ, వచ్చే తీగ కలిపి 0.2 ఓమ్‌లు అనుకున్నా, 2 ఆంపియర్లు పారితే 0.4 వోల్టులు దారిలోనే పోతాయి. 5 కాస్తా 4.6 అవుతుంది. కేబుల్ చివర ఉన్న సర్క్యూట్‌కి మాత్రం అటువైపు 12 వోల్టులు ఇచ్చి తీరాలన్న పట్టుదల. వోల్టులు తగ్గాయి కాబట్టి ఆంపియర్లు ఇంకా ఎక్కువ లాగుతుంది. ఆంపియర్లు పెరిగితే తీగలో నష్టం ఇంకా పెరుగుతుంది. అలా ఒకదాన్నొకటి లాక్కుంటూ కిందికి జారి, ఒక దశలో 12 ఉండాల్సిన చోట 9, 8కి పడిపోతుంది. లేదా పవర్ బ్యాంకే భయపడి ఔట్‌పుట్ కట్ చేస్తుంది. రెప్పపాటు అయినా చాలు, రౌటర్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. లేచేటప్పుడు మళ్లీ ఎక్కువ లాగుతుంది. దురదృష్టం బాగుంటే లేస్తూ పడుతూనే ఉంటుంది.

మా ఇంట్లోనే జరిగింది చెబుతాను. మాకు ఫైబర్ బాక్స్ వేరు, రౌటర్ వేరు, రెండూ 12 వోల్టులవే. రౌటర్ సుమారు 7 వాట్లు, ఫైబర్ బాక్స్ నాలుగున్నర. పనివాడిని కదా, తెలివితేటలు చూపిద్దామని ఒకే బూస్టర్ కేబుల్‌కి రెండు పిన్నులుగా చీలే వై కేబుల్ పెట్టి రెండింటికీ కలిపాను. ముందు ఏ లోడూ లేకుండా మల్టీమీటర్‌తో చూస్తే 12.1 వోల్టులు. రౌటర్ ఒక్కటే పెట్టి, వై కేబుల్‌లో ఖాళీగా ఉన్న రెండో పిన్ దగ్గర కొలిస్తే 11.8. బాగానే ఉందనుకున్నాను. ఫైబర్ బాక్స్ కూడా పెట్టాలంటే ఆ రెండో పిన్ పోతుంది, అందుకని మూడు పిన్నులది తెచ్చి, రెండూ తగిలించి, మూడో పిన్ దగ్గర మళ్లీ కొలిచాను. 10.4, కాసేపటికి 9.6. రెండింటి లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి, నెట్ కూడా వస్తోంది. కేబుల్ లావు భాగం మీద వేలు పెడితే ఐదు సెకన్లు ఉంచలేకపోయాను. సుమారు పది నిమిషాలకు రౌటర్ లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగాయి. ఫైబర్ బాక్స్ మాత్రం ఆరలేదు. అది 9 వోల్టుల మీద కూడా నడిచే రకం, రౌటర్‌కి అంత ఓపిక లేదు. తప్పు రౌటర్‌దే అనుకుని దాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేసేవాళ్లను నేను చూశాను. మీరు ఆ పని చేయకండి.

ఏ రీస్టార్ట్ దేని వల్లో ఎలా తెలుస్తుంది? నెట్ బాగా వాడుతున్నప్పుడో, పవర్ బ్యాంక్ అయిపోవస్తున్న చివరి అరగంటలోనో ఎక్కువగా అవుతుంటే అది పైన చెప్పిన పవర్ చాలకపోవడమే. చివర్లో ఎందుకంటే, ఛార్జ్ తగ్గేకొద్దీ సెల్ వోల్టేజీ తగ్గి పవర్ బ్యాంక్ లోపలి సర్క్యూట్ కూడా అవస్థ పడుతుంది. కేబుల్ కదిలినప్పుడు, ఎవరో బల్లని తాకినప్పుడు అవుతుంటే పిన్ వదులు. ఈ గుండ్రటి పిన్నుల్లో బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే ఉన్నా లోపలి రంధ్రం 2.1 ఒక రకం, 2.5 ఇంకో రకం. 2.5 పిన్ను 2.1 సాకెట్‌లో హాయిగా దూరుతుంది, కానీ లోపల సరిగా పట్టుకోదు. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది. ఇక సరిగ్గా కరెంటు పోయిన క్షణంలోనో వచ్చిన క్షణంలోనో మాత్రమే అవుతుంటే, మీరు పవర్ బ్యాంక్‌ని ఛార్జింగ్‌లో పెట్టి ఉంచే వాడుతున్నారన్నమాట. చాలా పవర్ బ్యాంకులు ఛార్జింగ్ మొదలైనప్పుడు, ఆగినప్పుడు ఔట్‌పుట్‌ని ఒక క్షణం ఆపుతాయి. ఫోన్‌కి అది తెలియదు, రౌటర్‌కి తెలుస్తుంది.

వోల్టేజీ తక్కువైతే రౌటర్ పాడవుతుందా అని చాలామంది అడుగుతారు. సాధారణంగా పాడవదు, రీస్టార్ట్ అవుతుంది, అంతే. ఒక్క సందర్భం మినహా: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతుండగా అలా జరిగితే లోపలి మెమరీలో సగం రాసి సగం ఆగిపోయి రౌటర్ ఇక లేవకపోవచ్చు. అందుకని బ్యాటరీ మీద ఉన్నప్పుడు అప్‌డేట్ నొక్కకండి. ఆటోమేటిక్ అప్‌డేట్ ఉంటే అది కూడా ఆపేసుకోండి.

అసలు ప్రమాదం వోల్టేజీ ఎక్కువైనప్పుడే. ఇందాక నా చేతుల్లో కాలింది అన్నాను కదా. అది 5 వోల్టుల చిన్న ఫైబర్ బాక్స్. పక్కనే 12 వోల్టుల రౌటర్. రెండింటి పిన్నులూ ఒకే సైజు. చీకట్లో, ఫోన్ టార్చ్ నోట్లో పెట్టుకుని, 12 వోల్టుల కేబుల్‌ని తెచ్చి 5 వోల్టుల బాక్స్‌కి పెట్టాను. చిన్నగా 'టప్' అని శబ్దం, కాలిన వాసన, అంతే. పిన్ దూరిందంటే వోల్టేజీ కుదిరినట్టు కాదు. పిన్ తయారుచేసినవాడికి మీ బాక్స్ వోల్టేజీ తెలియదు. అప్పటి నుంచి ప్రతి పిన్నుకీ తెల్ల టేప్ చుట్టి 5, 9, 12 అని పెన్నుతో రాసుకుంటున్నాను. 9 వోల్టుల రౌటర్‌కి 12 ఇస్తే కొన్ని రోజులు నడవచ్చు, లోపలి భాగాలకు ఆ మాత్రం ఓర్పు ఉండొచ్చు. కానీ వేడెక్కుతూ నడుస్తుంది. నడుస్తోంది కదా అని వదిలేయకండి. బటన్ నొక్కితే 5, 9, 12 అని మారే కేబుళ్లు కూడా వస్తున్నాయి. తీసి పెట్టేటప్పుడు వేలు తగిలి అంకె మారిందంటే గొడవే. రౌటర్ కోసం అలాంటివి నేను కొననివ్వను.

ఇప్పుడు మీరేం చేయాలి?

మీ పవర్ బ్యాంక్ వెనక ఔట్‌పుట్ అని రాసిన వరుస చదవండి. అక్కడ 5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 2 ఆంపియర్లు, 12 వోల్టులు 1.5 ఆంపియర్లు అని ఉంటే మీ పని సులువైంది. ఇది ఫాస్ట్ ఛార్జింగ్ ఉన్న పవర్ బ్యాంక్, 12 వోల్టులు తనే ఇవ్వగలదు. బూస్టర్ కేబుల్ తీసేసి ట్రిగ్గర్ కేబుల్ తెచ్చుకోండి. అది వోల్టేజీని పెంచదు, 'నాకు 12 ఇవ్వు' అని పవర్ బ్యాంక్‌ని అడుగుతుంది, అంతే. అప్పుడు 3.7 నుంచి 12కి ఒక్కసారే మార్పు, రెండోసారి నష్టం లేదు. తీగలో పారేది కూడా 2 ఆంపియర్లకు బదులు అర ఆంపియరు పైచిలుకే కాబట్టి దారిలో నష్టం కూడా తగ్గుతుంది. మా రౌటర్ ఒక్కదానికే పెట్టి చూస్తే బూస్టర్ కేబుల్ మీద 3 గంటల 20 నిమిషాలు వచ్చింది, అదే పవర్ బ్యాంక్ ట్రిగ్గర్ కేబుల్ మీద 4 గంటల 10 నిమిషాలు నడిచింది. రీస్టార్ట్ ఒక్కసారీ కాలేదు.

దీనిలోనూ రెండు మెలికలు ఉన్నాయి. టైప్ సి పోర్టుల్లో వాడే పవర్ డెలివరీ పద్ధతిలో 5, 9, 15, 20 వోల్టులు ప్రామాణికం, 12 ఐచ్ఛికం. పవర్ బ్యాంక్ వెనక 12 అని రాసి లేకపోతే ట్రిగ్గర్ కేబుల్ అడిగినా అది 9తోనో 5తోనో సరిపెడుతుంది. రౌటర్ లైటు వెలిగి నెట్ రాకపోతే ముందు ఇదే చూడండి. రెండోది, రెండు పోర్టులున్న చాలా పవర్ బ్యాంకుల్లో రెండో పోర్టుకి ఫోన్ తగిలించగానే రెండూ 5 వోల్టులకు దిగిపోతాయి, రౌటర్ ఠక్కున ఆగిపోతుంది. కరెంటు పోగానే ఇంట్లో ఎవరో ఒకరు ఆ రెండో పోర్టు వెతుక్కుంటూ వస్తారు, ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.

12 వోల్టులు ఇవ్వని పవర్ బ్యాంకే అయితే, ఉన్న కేబుల్‌తోనే కొంత నెట్టుకురావచ్చు. 3 ఆంపియర్ల పోర్టు ఉంటే దానికి మార్చండి. పొట్టిగా, లావుగా ఉండే కేబుల్ తీసుకోండి, పొడుగు కావాలంటే 12 వోల్టుల వైపు పెంచుకోవాలి కానీ యూఎస్‌బీ వైపు ఎక్స్‌టెన్షన్ వేయకూడదు. బ్యాటరీ మీద ఉన్నంతసేపు 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆపేస్తే మా రౌటర్‌లో ఇంచుమించు ఒక వాట్ తగ్గింది, వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచింది. రౌటర్ వెనక పెన్‌డ్రైవో హార్డ్ డిస్కో ఉంటే తీసేయండి.

రౌటర్ కోసమే అమ్మే మినీ యూపీఎస్ కొనమని కొందరు చెబుతారు. రోజూ కరెంటు పోయే చోట నేనూ అదే చెబుతాను, ఎందుకంటే మారేటప్పుడు ఔట్‌పుట్ ఆగకుండా ఉండేలా దాన్ని తయారుచేస్తారు. కానీ ఎంఏహెచ్ చూసి మోసపోకండి. 2200 ఎంఏహెచ్ సెల్స్ నాలుగు పెట్టి 8800 అని రాస్తారు. వాట్ అవర్లలో అది 32 పైచిలుకే, అంటే మీ పవర్ బ్యాంక్ కన్నా తక్కువ. 'ఎనిమిది గంటల బ్యాకప్' అని పెట్టె మీద ఉంటే, ఎన్ని వాట్ల లోడ్ మీదో అడగండి. 7 వాట్ల మీద ఎనిమిది గంటలు నడవాలంటే రౌటర్‌కి చేరాల్సిందే 56 వాట్ అవర్లు, మార్పిడి నష్టం దాని పైన. మూడు సెల్స్ వరసగా పెట్టి నేరుగా బయటికి ఇచ్చే చవక రకాలు కూడా ఉన్నాయి. వాటిలో నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు, అయిపోయేటప్పటికి 9 దాకా దిగుతుంది. అలాంటి దాని మీద రౌటర్ చివరి గంటలో మళ్లీ పాత పాటే పాడుతుంది.

ఇంకో మాట, మీ ఇంట్లో కూడా ఫైబర్ బాక్స్ వేరుగా ఉండి దానికి బ్యాకప్ లేకపోతే, రౌటర్ ఎన్ని గంటలు నడిచినా వైఫై గుర్తు తప్ప నెట్ రాదు. అది 5 వోల్టులదైతే మామూలు యూఎస్‌బీ పిన్ కేబుల్ చాలు, వేరే పవర్ బ్యాంక్ నుంచి ఇవ్వండి. 12 వోల్టులదైతే రెండింటి వాట్లూ కలిపి లెక్క వేసుకోవాలి, నేను చేసినట్టు ఒకే బూస్టర్ కేబుల్‌కి తగిలించకూడదు.

పవర్ బ్యాంక్‌ని రాత్రింబగళ్లు ఛార్జింగ్‌లో ఉంచి రౌటర్ పక్కనే, ముఖ్యంగా రౌటర్ మీద, పెట్టకండి. నిండా ఛార్జ్ అయి వేడిలో కూర్చున్న లిథియం సెల్ త్వరగా అరుగుతుంది. నెలకోసారి చేత్తో పట్టుకుని, బల్ల మీద సమంగా కూర్చుంటోందా అని చూడండి. కొద్దిగా ఉబ్బి ఊగుతున్నట్టుంటే అది ఇంకా నడుస్తున్నా సరే పక్కన పెట్టేయండి.

వెనక ఉన్న ఔట్‌పుట్ వరుస, యూఎస్‌బీ మీటర్ దొరికితే అది చూపించిన ఆంపియర్లు, ఈ రెండూ ఇక్కడ రాయండి. కేబుల్ ఒక్కటి మారిస్తే చాలా, పవర్ బ్యాంక్ కూడా మార్చాలా అన్నది అప్పుడు కచ్చితంగా చెప్పగలను.